ఒకే డ్రమ్ కిట్, రెండు సంగీతాలు: క్లాసిక్ రాక్ సెటప్‌ను మెటల్‌కు మార్చుకోవడం ఎలా

హైదరాబాద్‌లో డ్రమ్స్ వాయించేవాళ్లలో సొంత కిట్ ఇంట్లో పెట్టుకోగలిగినవాళ్లు తక్కువ. అపార్ట్‌మెంట్‌లో బాస్ డ్రమ్ కొడితే ఆ దెబ్బ నేలగుండా కింది ఇంటివాళ్ల సీలింగ్‌కు చేరుతుంది. అందుకే గంటకు ఇంతని కట్టి జామ్ రూమ్‌కు వెళ్తాం. అక్కడ ఎక్కువగా కనిపించేది 22 అంగుళాల బాస్ డ్రమ్ ఉన్న ఐదు ముక్కల కిట్. శనివారం సాయంత్రం ఆరింటికి దాని మీద ఒక క్లాసిక్ రాక్ బ్యాండ్ ప్రాక్టీస్ చేస్తుంది. ఎనిమిదింటికి అదే కిట్ మీద మెటల్ బ్యాండ్ కూర్చుంటుంది. మధ్యలో పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో ఏం మార్చాలి, ఎందుకు మార్చాలి, తర్వాత కాళ్లు ఎలా వేరుగా కదలాలి అన్నదే ఇక్కడ చెబుతున్నాను.

ఈ విషయం నాకు తెలిసింది ఒక కాలేజీ ఫెస్ట్‌లో. అద్దెకు తెచ్చిన కిట్‌కు, ఒకే బాస్ డ్రమ్‌ను రెండు కాళ్లతో వాయించే నా డబుల్ పెడల్ బిగించి, ఇంకేమీ ముట్టుకోకుండా వాయించేశాను. బాస్ డ్రమ్ ముందు వైపు పొరకు, అంటే ముందు హెడ్‌కు, రంధ్రం లేదు, లోపల దిండు లేదు. స్టేజీ మీద నాకు ప్రతి దెబ్బా కాలికి తెలుస్తోంది. కింద నిలబడ్డ ఫ్రెండ్స్ మాత్రం తర్వాత చెప్పారు, నా డబుల్ బాస్ మొత్తం దూరంగా లారీ పోతున్నట్టు ఒకే గుర్రుమనే మోతలా వినిపించిందని. నెలల తరబడి కాళ్లకు చేసిన సాధన ఒక దిండు లేక పోయింది.

ముందు ఒక చిన్న లెక్క

కిట్ దగ్గరికి వెళ్లే ముందు, మీరు వాయించబోయే పాటలో రెండు కిక్ దెబ్బల, అంటే కాలితో కొట్టే బాస్ డ్రమ్ దెబ్బల, మధ్య ఎంత సమయం ఉందో చూసుకోండి. మిగతా తేడాలన్నీ దీని నుంచే వస్తాయి.

100 బీపీఎం, అంటే నిమిషానికి 100 బీట్లు ఉన్న రాక్ పాటలో బీట్‌కు రెండు దెబ్బలు పడ్డాయనుకుందాం. 60ని 100తో భాగిస్తే ఒక బీట్‌కు 0.6 సెకను. అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 0.3 సెకను. పైగా రాక్‌లో కిక్ ఇలా వరుసగా కూడా పడదు, మధ్యమధ్యలో స్నేర్ డ్రమ్‌కు చోటిస్తుంది. ఇప్పుడు 200 బీపీఎం మెటల్ పాట తీసుకోండి. ఒక బీట్‌కు 0.3 సెకను, అందులో నాలుగు కిక్ దెబ్బలు. మధ్యలో మిగిలేది 0.075 సెకను, అంటే 75 మిల్లీసెకన్లు. సెకనుకు 13 దెబ్బలకు పైనే.

రాక్ డ్రమ్మర్‌కు దెబ్బల మధ్య ఖాళీ ఉంది కాబట్టి ఆ ఖాళీని మోతతో నింపుకోవాలి. మెటల్ డ్రమ్మర్‌కు ఖాళీ లేదు కాబట్టి 75 మిల్లీసెకన్లు గడిచేలోపే మోత చచ్చిపోవాలి. ఒకరికి తప్పనిసరైన మోతే ఇంకొకరి పాటను పాడుచేస్తుంది.

డబుల్ బాస్ మెటల్ వాళ్లు కనిపెట్టిందన్న మాట తరచూ వింటాను. అది నిజం కాదు. 1960లలోనే జింజర్ బేకర్, కీత్ మూన్ రెండేసి బాస్ డ్రమ్ములు పెట్టుకుని రాక్ వాయించారు. వాళ్లకంటే ముందే జాజ్‌లో లూయీ బెల్సన్ వాయించాడు. 1979లో మోటర్‌హెడ్ 'ఓవర్‌కిల్' పాటలో ఫిల్ టేలర్ పాట పొడవునా రెండు కాళ్లనూ ఆపకుండా నడిపాడు. తర్వాత వచ్చిన మెటల్ డ్రమ్మర్లు పట్టుకున్నది ఆ ఆపకపోవడాన్నే. అంటే రెండో కాలు రాక్‌లోనూ ఉంది. అక్కడ అది ఎక్కువగా ఉరుములా అప్పుడప్పుడు వచ్చి పోయేది. మెటల్‌లో గిటార్ రిఫ్‌తో అతుక్కుని నడిచే కాలు అయింది. మన ఊరి గాడ్‌లెస్ లాంటి డెత్ మెటల్ బ్యాండ్‌ను విన్నా ఇది తెలుస్తుంది. గిటార్ చేతివేగం, కిక్ వేగం రెండూ ఒకే గీత మీద ఉంటాయి. కిక్ కాస్త మసకబారితే గిటార్ కూడా మసకబారినట్టే వినిపిస్తుంది.

డ్రమ్‌ను మార్చడం

క్లాసిక్ రాక్ శబ్దానికి అందరూ గుర్తు చేసుకునేది లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్‌ను. ఆయన బాస్ డ్రమ్ 26 అంగుళాలది. రెండు వైపులా హెడ్‌లు, లోపల మెత్తలు దాదాపు లేవు. మన జామ్ రూమ్ 22 అంగుళాలది అంత లోతుగా పలకదు. కానీ ఆ దారిలోకి తేవచ్చు. దిండు తీసేయండి. కొట్టే వైపు హెడ్ స్క్రూలన్నీ వేలితో బిగించి, ఆ తర్వాత డ్రమ్ కీతో ఎదురెదురు స్క్రూలకు పావు చుట్టు చొప్పున తిప్పుతూ ముడతలు పోయేదాకా తేండి. అక్కడి నుంచి ఇంకో అర చుట్టు ఇవ్వండి. ముందు హెడ్‌ను దానికంటే కొంచెం ఎక్కువ బిగించండి. పెడల్ నొక్కితే వెళ్లి హెడ్‌ను కొట్టే బీటర్ మెత్తటి ఫెల్ట్‌ది ఉండాలి. ఇప్పుడు ఒక్క దెబ్బ కొడితే స్వరం ఉన్న 'ధుమ్' రావాలి, ఆ తర్వాత కాస్త మోత మిగలాలి. మోత మరీ ఎక్కువైతే కొట్టే వైపు హెడ్ అంచుకు మడిచిన చేతిరుమాలు టేపుతో అంటిస్తే చాలు.

బోనాలకు డప్పు వాయించేవాళ్లు మొదలుపెట్టే ముందు డప్పును మంట సెగకు చూపడం మీరు చూసే ఉంటారు. చర్మం బిగిస్తే ఆ ఖంగుమనే పలుకు వస్తుంది. మన డ్రమ్ హెడ్ ప్లాస్టిక్‌ది కాబట్టి వాన తేమకు అలా సాగదు, పని అంతా కీతోనే. కానీ సూత్రం ఒకటే: బిగువు పెరిగితే స్వరం పెరుగుతుంది, బీటర్ ఎగిరి వెనక్కి రావడమూ పెరుగుతుంది.

మెటల్‌కు దీన్ని తిరగేయాలి. కొట్టే వైపు హెడ్‌ను ముడతలు పోయిన చోటికి, లేదా దానికి పావు చుట్టు పైకి తేండి. అంతకంటే వదులు చేస్తే చప్పుడు పొట్టిగా, 'టక్' అన్నట్టు వస్తుంది కానీ బీటర్ వెనక్కి ఎగరదు, కాళ్లు త్వరగా అలిసిపోతాయి. వేగంగా వాయించేవాళ్లు కాస్త బిగువు ఉంచుకునేది అందుకే. ముందు హెడ్‌కు రంధ్రం ఉంటే దానిలోంచి చిన్న దిండు గానీ మడిచిన పాత దుప్పటి గానీ లోపలికి తోయండి. అది కొట్టే వైపు హెడ్ కింది పావు భాగానికి తగిలీ తగలనట్టు ఆనాలి. గట్టిగా నొక్కితే అట్టపెట్టెను కొట్టినట్టు ఉంటుంది. రంధ్రం లేకపోతే జామ్ రూమ్ వాళ్లను అడిగి ముందు హెడ్ పూర్తిగా తీసేయండి. బీటర్‌ను ప్లాస్టిక్ వైపుకు తిప్పండి. చాలా బీటర్లకు ఒక వైపు ఫెల్ట్, మరో వైపు ప్లాస్టిక్ ఉంటాయి. బీటర్లు తగిలే రెండు చోట్లా ప్యాచ్ అంటించండి. అది ఆ 'టక్'ను ఇంకొంచెం పదును చేస్తుంది, హెడ్ చిరగకుండా కూడా కాపాడుతుంది. ఆ పదునే పనికొచ్చేది. డిస్టార్షన్ ఉన్న గిటార్లు, బాస్ గిటార్ కలిసి కింది స్వరాల చోటంతా ఆక్రమించుకుంటాయి. వాటి మధ్య కిక్ వినిపించాలంటే పైస్వరంలో ఆ టక్ ఉండాలి.

పెద్ద స్టేజీల మీద చాలామంది మెటల్ డ్రమ్మర్లు బాస్ డ్రమ్ హూప్‌కు ట్రిగ్గర్ తగిలిస్తారు. హెడ్ కదలికను పసిగట్టి మాడ్యూల్‌లోని రికార్డు చేసిన కిక్ శబ్దాన్ని పలికించేది అది. శబ్దం సమంగా వస్తుంది. కానీ మీ కాలు టైమింగ్ తప్పితే ఆ తప్పు కూడా అంతే స్పష్టంగా వస్తుంది. సాధన దశలో అది లేకుండానే నేర్చుకోండి.

కూర్చోవడం, పెడల్ బిగించడం

క్లాసిక్ రాక్‌లో ఎడమ కాలి చోటు హై-హ్యాట్, అంటే కాలితో మూసి తెరిచే జంట తాళాలు. ఆ కాలు రెండో, నాలుగో బీట్‌లకు హై-హ్యాట్‌ను నొక్కుతూ పాటకు నడక ఇస్తుంది. మెటల్‌లో అదే కాలు ఎడమ పెడల్‌కు వెళ్లిపోతుంది. ఎడమ పెడల్ నుంచి ఒక కడ్డీ వచ్చి కుడి పెడల్‌లోని రెండో బీటర్‌ను తిప్పుతుంది. కాబట్టి హై-హ్యాట్ స్టాండ్‌ను ఎడమకు జరపాలి, దాని కాళ్లను తిప్పి ఎడమ పెడల్‌కు చోటు చేయాలి. కాలు తీసేస్తే హై-హ్యాట్ తెరుచుకుంటుంది కదా. డ్రాప్ క్లచ్ ఉంటే కర్రతో ఒక్క తట్టు తట్టి మూసేయవచ్చు. అది లేనప్పుడు నేను పై తాళాన్ని కాస్త కిందికి దించి, రెండు తాళాలూ సగం ఆనేలా క్లచ్ బిగించేస్తాను. ఆ పాట వరకు సరిపోతుంది.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. సింగిల్ పెడల్ ఉన్న చోటే డబుల్ పెడల్‌నూ బిగిస్తారు. అప్పుడు కుడి బీటర్ హెడ్ సరిగ్గా నడుమ తగులుతుంది, ఎడమ బీటర్ పక్కకు తగులుతుంది. రెండు దెబ్బలకు రెండు రకాల శబ్దం. ఎడమ కాలు బలహీనంగా ఉందని మీరు అనుకుంటారు, నిజానికి అది వేరే చోట కొడుతోంది. పెడల్‌ను కొన్ని సెంటీమీటర్లు కుడికి జరిపి, హెడ్ నడిమి చుక్క రెండు బీటర్ల మధ్యకు వచ్చేలా బిగించండి.

స్టూల్ ఎత్తు గురించి. రాక్‌కు తొడలు దాదాపు నేలకు సమాంతరంగా ఉన్నా నడుస్తుంది. మొత్తం కాలు బరువుతో కొట్టడానికి చాలామంది అలాగే ఇష్టపడతారు. మెటల్‌కు మోకాలు తుంటికంటే కొంచెం కిందికి ఉండేలా స్టూల్ పెంచండి, కాస్త వెనక్కి కూడా జరపండి. పాదం మోకాలికి కొంచెం ముందుకు ఉండాలి. ఇలా అయితే కాలి బరువు తుంటి కండరాల మీద వేలాడదు, చీలమండ తేలిగ్గా ఆడుతుంది.

స్ప్రింగుల పరీక్షకు రెండు నిమిషాలు ఇవ్వండి. రెండు బీటర్లనూ చేత్తో హెడ్ దాకా తెచ్చి ఒకేసారి వదలండి. లోలకాల్లా ఊగుతాయి. ఎడమది ముందే మందగిస్తే, అది కడ్డీ, కీళ్ల రాపిడి. ఎడమ స్ప్రింగ్‌ను అర చుట్టు బిగించి మళ్లీ చూడండి. రెండూ కలిసి ఊగేదాకా ఇలా సరిచేయండి. బీటర్ విశ్రాంతి స్థానం హెడ్‌కు సుమారు 45 డిగ్రీల కోణంలో మొదలుపెట్టండి. రాక్‌కు ఇంకాస్త వెనక్కి పెడితే ప్రయాణం పెరిగి దెబ్బకు బలం వస్తుంది. మెటల్‌కు కొంచెం దగ్గరకు తేవచ్చు, మరీ దగ్గరైతే చప్పుడే ఉండదు.

కాళ్ల పని

రాక్ కాలితో మొదలుపెడతాను, ఎందుకంటే డబుల్ పెడల్ అలవాటైనవాళ్లకు ఇదే కష్టం. 1969లో వచ్చిన లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బమ్ మొదటి పాటలో బోనమ్ వేగంగా జంట దెబ్బలు వేస్తాడు. రెండు బాస్ డ్రమ్ములని అనుకున్నవాళ్లు ఎందరో. అది ఒక్క పెడల్, ఒక్క కాలు. ఆ పని ఇలా చేయాలి: పాదాన్ని పెడల్ పలక మధ్యలో ఉంచి, మడమ ఎత్తి, మొదటి దెబ్బ తేలిగ్గా వేయండి. బీటర్ వెనక్కి వస్తుండగానే పాదాన్ని కొద్దిగా ముందుకు జారుస్తూ రెండో దెబ్బ బలంగా వేయండి. బరువు రెండో దాని మీదే పడాలి. 80 బీపీఎం దగ్గర మొదలుపెట్టి, రెండు దెబ్బలూ ఒకేలా వినిపించేదాకా వేగం పెంచకండి.

రంధ్రం లేని డ్రమ్ మీద బీటర్‌ను హెడ్‌కు అదిమి ఉంచకూడదు. లోపల చిక్కుకున్న గాలి హెడ్‌ను వెనక్కి తోస్తుంది. అదిమి పట్టిన బీటర్ ఆ తోపుడుకు వణికి 'ధుమ్‌ర్‌ర్' అని అదనపు చప్పుళ్లు చేస్తుంది. దెబ్బ కొట్టి వదిలేయాలి, డ్రమ్‌ను ఊపిరి తీసుకోనివ్వాలి. మెటల్ డ్రమ్‌లో గాలి రంధ్రంలోంచి పోతుంది, దిండు హెడ్‌ను పట్టి ఉంచుతుంది. కాబట్టి నెమ్మది భాగాల్లో అదిమినా పెద్దగా వణకదు.

ఇక మెటల్ కాళ్లు. బీట్‌కు నాలుగు దెబ్బలంటే ఒక్కో కాలికి రెండు. 120 బీపీఎం దగ్గర ఒక్కో కాలు సెకనుకు 4 దెబ్బలు వేస్తుంది. ఈ వేగంలో తొడ లేపి మొత్తం కాలితో కొట్టవచ్చు, శబ్దం కూడా గట్టిగా వస్తుంది. 200 దగ్గర అదే సెకనుకు దాదాపు 7. తొడ బరువైనది, సెకనుకు ఏడుసార్లు లేపి దించలేం. అక్కడ కదలాల్సింది చీలమండ కింది పాదం మాత్రమే. తొడ దాదాపు నిలకడగా ఉంటుంది, మడమ పలకకు రెండు మూడు సెంటీమీటర్ల పైన తేలుతుంది.

తొడ దెబ్బ నుంచి చీలమండ దెబ్బకు మారే చోటు చాలామందికి 150కీ 180కీ మధ్య ఉంటుంది. అక్కడే ఇరుక్కుంటారు. మెట్రోనోమ్‌ను రోజుకు రెండేసి బీపీఎం పెంచుకుంటూ పోతే ఈ గోడ దాటలేరు, ఎందుకంటే అవతల వైపు ఉన్నది వేరే కదలిక. దాన్ని పైనుంచి పట్టుకోవాలి. మెట్రోనోమ్‌ను 190లో పెట్టండి. రెండు బీట్లు మాత్రమే కాళ్లు ఆడించండి, రెండు బీట్లు ఆగండి. తప్పులు పోతాయి, పోనివ్వండి. చీలమండ కదలిక ఎలా ఉంటుందో ఒంటికి తెలియడమే ముందు కావాలి. అది పట్టుబడ్డాక నాలుగు బీట్లకు, ఎనిమిదికి పెంచుతూ, అదే కదలికను ఉంచుకుని వేగాన్ని 170 వైపు తగ్గించుకుంటూ రండి. కాలి ముందు ఎముక పక్కన మంట మొదలైతే ఆపేయండి. బిగబట్టి వాయిస్తున్నారని దాని అర్థం, ఆ బిగువుతో ఇంకో అరగంట చేస్తే అదే అలవాటవుతుంది.

ఒక కుర్రాడి కాలు

నా దగ్గర ప్రాక్టీస్ చేసే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు మొన్న వానాకాలంలో వచ్చి, "అన్నా, నా లెఫ్ట్ కాలు ఎనకబడ్తుంది, వేరే పెడల్ కొనాల్నా?" అని అడిగాడు. 160 దాకా బాగానే వాయిస్తాడు, 180కి వెళ్తే కుంటుతున్నట్టు వినిపిస్తుంది.

పెడల్ సంగతి తర్వాత చూద్దామని, ఫోన్‌ను బాస్ డ్రమ్ ముందు పెట్టి 180లో ఎనిమిది బీట్లు రికార్డు చేశాం. లాప్‌టాప్‌లో ఆ ఆడియో గీతను పెద్దది చేసి చూశాం. 180 దగ్గర దెబ్బల మధ్య 83 మిల్లీసెకన్లు ఉండాలి. అతనికి కుడి నుంచి ఎడమకు దాదాపు 97, ఎడమ నుంచి కుడికి దాదాపు 70 ఉన్నాయి. రెండూ కలిపితే లెక్క సరిపోతుంది, అంటే కుడి కాలు టైమ్ తప్పడం లేదు. ఎడమ ప్రతిసారీ 14 మిల్లీసెకన్లు ఆలస్యంగా దిగుతోంది. ప్రతిసారీ ఒకే ఆలస్యం అంటే కారణం అలసట కాదు. అలసట అయితే చివరికి వచ్చేసరికి పెరగాలి.

బీటర్లను ఊపి చూస్తే ఎడమది త్వరగా ఆగిపోయింది. స్ప్రింగ్ అర చుట్టు బిగించి, కడ్డీ వంకరగా ఉంటే ఎడమ పెడల్‌ను జరిపి సూటిగా చేశాం. ఆలస్యం సగానికి తగ్గింది. మిగతా సగం పక్కనుంచి తీసిన వీడియోలో దొరికింది. అతని కుడి కాలు చీలమండతో ఆడుతోంది, ఎడమ కాలు ఇంకా తొడతో లేస్తోంది. స్టూల్ నాలుగు సెంటీమీటర్లు పెంచి, మూడు వారాలు ఎడమ కాలితో ఒక్కదానితోనే 190లో రెండు బీట్లు, విశ్రాంతి, రెండు బీట్లు చేయించాను. పాటల్లో కూడా ఎడమతోనే మొదలుపెట్టమన్నాను. మూడో వారం రికార్డింగ్‌లో విరామాలు 80, 86 అలా వచ్చాయి. చెవికి కుంటు తెలియలేదు. కొత్త పెడల్ కొనలేదు.

మీరూ ఇలాగే రికార్డు చేసుకోండి, కానీ ఫోన్‌ను మీ పక్కన పెట్టుకోకండి. స్టూల్ మీద కూర్చుంటే దెబ్బ కాలి నుంచి ఒంట్లోకి తెలుస్తుంది కాబట్టి మసక శబ్దం కూడా స్పష్టంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ ఫెస్ట్‌లో నేను మోసపోయింది అందుకే. బ్యాండ్ మొత్తాన్ని వాయించమని, ఫోన్‌ను గదిలో ఎదుటి గోడ దగ్గర పెట్టండి. రాక్ పాట అయితే కిక్, బాస్ గిటార్ కలిసి ఒకే లావు స్వరంలా వినిపించాలి. మెటల్ అయితే ఒక బీట్‌లోని నాలుగు దెబ్బలను వేళ్ల మీద లెక్కపెట్టగలగాలి. లెక్క దొరకకపోతే ముందు దిండును ఒక అంగుళం హెడ్ వైపుకు జరిపి మళ్లీ రికార్డు చేయండి, కాళ్ల జోలికి ఆ తర్వాతే వెళ్లండి.